గంజాం తీరంలో బోరు లోతైతే ఉప్పెందుకు?

గోపాల్‌పూర్ నుంచి ఇచ్ఛాపురం వైపు బాహుదా నది మొగ దాకా గంజాం తీరం చాలావరకు ఇసుక నేలే. వాన నీళ్లు అందులోకి ఇట్టే ఇంకిపోతాయి. కింద సముద్రపు నీరు ఉన్నా, దానికన్నా తేలిక కాబట్టి మంచినీళ్లు పైన పొరలా నిలుస్తాయి. సముద్రానికి దగ్గర్లోనే తవ్విన నేలబావిలో తియ్యటి నీళ్లు దొరకడానికి కారణం ఇదే. చేదతోనో ఏతంతోనో తోడిన రోజుల్లో ఆ పొర పెద్దగా కదిలేది కాదు. మనిషి ఎంత తోడినా రోజుకు తోడేది కొంతే.

మోటార్లు వచ్చాక లెక్క మారింది. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు ఇంజనీర్లు నూరేళ్ల కిందటే వేర్వేరుగా తేల్చిన సూత్రం ఒకటుంది: బావిలో నీటిమట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే, సముద్రమట్టం కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుంది. తిరగేసి చూస్తే భయం వేస్తుంది. మీటరున్నర ఎత్తున్న నీటిని మోటారు అర మీటరు దించితే, అది అలాగే కొనసాగినప్పుడు, అడుగున ఉప్పునీరు దాదాపు 20 మీటర్లు పైకి రాగలదు. నీళ్లు తగ్గాయని బోరును ఇంకా లోతుకు దింపడమంటే ఉప్పుకు ఎదురెళ్లడమే.

ఉప్పు ఎటునుంచి వచ్చిందో తెలుసుకోవడం ముఖ్యం. మోటారు వేసిన మొదటి గంట తియ్యగా ఉండి తర్వాత ఉప్పగా మారి, కొన్నాళ్లు ఆపితే తేరుకుంటే, అది కింది నుంచి లేచిన ఉప్పు. ఎంత ఆపినా తగ్గకపోతే సముద్రమే పక్కనుంచి లోపలికి జరిగిందని అనుమానించాలి. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ లాంటి తుఫాను ఉప్పెన పైనుంచి ఉప్పు పోస్తుంది. దాన్ని మంచి వానలు చాలావరకు కడిగేస్తాయి. మూడింటికీ మందు ఒకటి కాదు.

కింది నుంచి లేచే ఉప్పుకు మన తీరంలో పాత ఉపాయమే ఉంది, ఇసుకలో లోతు తక్కువగా తవ్వుకునే నీటిగుంట, అదే దొరువు. బాపట్ల పరిశోధకులు దాన్ని మెరుగుపరిచారు. ఇసుకలో కొద్ది లోతునే, చిల్లులు పెట్టి నైలాన్ వల చుట్టిన పైపులను అడ్డంగా పరిచి, ఊరిన నీటిని ఒక బావిలోకి చేరుస్తారు. పై పొర నీళ్లు మాత్రమే వస్తాయి, ఒకేచోట లాగినట్టు ఉండదు. కాకపోతే ఊరిన మేరకే తోడుకోవాలి. ఎకరాలకు ఎకరాలు రబీ వరి పెట్టేవాళ్లకు ఇది చాలదు, కూరగాయలకు పనికొస్తుంది.

వరి వదలలేనివాళ్లు ఖరీఫ్‌కు కటక్ వరి పరిశోధన కేంద్రం విడుదల చేసిన లూణిశ్రీ, లూణా సువర్ణ లాంటి ఉప్పును తట్టుకునే రకాలు వేసుకోవచ్చు. తట్టుకోవడమంటే ఉప్పు ఏమీ చేయదని కాదు. నారు, పూత దశల్లో ఉప్పు పెరిగితే ఆకుల కొసలు తెల్లబడతాయి, తాలు ఎక్కువవుతుంది. అందుకే తొలి వానలు చవుడును కడిగాకే నాటాలి. ఇక గట్ల మీద మొగలి ఎలాగూ ఉంది. నీరు పెట్టే పనిలేదు, పువ్వుకు గంజాంలోనే అత్తరు బట్టీలున్నాయి.

దొరువు పెట్టుకున్న రైతుకూ ఒక చిక్కు మిగులుతుంది. పక్క చేను లోతు బోరు పగలూ రాత్రీ నడిస్తే, ఇద్దరి కిందా ఉన్న నీటి పొర ఒక్కటే కాబట్టి ఇతని దొరువు కూడా ఉప్పెక్కుతుంది.