బ్లౌజుల షాపుకు కుట్టు మిషను కొనేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

నేను కుట్టు మిషన్లు బాగుచేసే మెకానిక్‌ని. నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఒకరో ఇద్దరో నడుపుకునే లేడీస్ టైలరింగ్ షాపుల మిషన్లు. లైనింగ్ బ్లౌజులు, చుడీదార్లు, చీరకు ఫాల్, పీకో వారి పని. అలాంటి షాపు పెట్టబోయేవారు మిషను కొనేముందు అడిగే ప్రశ్నల వెనుక నాలుగైదు నమ్మకాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాటిలో చాలావరకు రోజంతా ఒకే కుట్టు వేసే గార్మెంట్ ఫ్యాక్టరీకి సరిపోయే మాటలు. బ్లౌజులు కుట్టే చిన్న గదిలో లెక్క వేరుగా ఉంటుంది.

అపోహ: మిషను ఎంత వేగంగా తిరిగితే అంత ఎక్కువ సంపాదించవచ్చు.

పవర్ మిషను నిమిషానికి 4,000 నుంచి 5,000 కుట్లు వేస్తుందని, ఇంట్లో వాడే నల్ల మిషనుకు మోటారు బిగిస్తే 1,000 దగ్గరే ఆగిపోతుందని అమ్మేవారు చెబుతారు. ఆ మాట నిజమే. అయితే ఆ తేడా ఒక బ్లౌజులో ఎంత సమయం మిగులుస్తుందో లెక్క వేసి చూడండి.

ఒక లైనింగ్ బ్లౌజులోని కుట్లన్నీ కలిపి 15 మీటర్లు ఉన్నాయనుకుందాం. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు పెడితే మొత్తం 6,000 కుట్లు అవుతాయి. నిమిషానికి 1,000 కుట్ల మిషను మీద సూది కదిలే సమయం 6 నిమిషాలు. 4,000 కుట్ల మిషను మీద నిమిషంన్నర. అంటే బ్లౌజుకు మిగిలేది నాలుగున్నర నిమిషాలు. అది కూడా మెడ, చంక వంపుల దగ్గర ఎక్కడా వేగం తగ్గించకుండా కుట్టగలిగితేనే. కత్తిరించడం, లైనింగు జత చేయడం, డార్టులు గుర్తుపెట్టడం, పైపింగు పట్టడం, హుక్కులు కుట్టడం మీద పోయే సమయాన్ని ఏ మిషనూ తగ్గించలేదు.

మరి పవర్ మిషను దండగా అంటే కాదు. బ్లౌజు షాపుకు నేను దాన్నే సూచిస్తాను, కారణాలు మాత్రం వేరు. మోకాలితో నెడితే ఫుట్ లేస్తుంది కాబట్టి రెండు చేతులూ బట్ట మీదే ఉంటాయి. మెడ వంపు కుట్టేటప్పుడు బట్టను పదే పదే తిప్పుకోవాలి, అక్కడ ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. బల్ల వెడల్పుగా ఉంటుంది, తల భాగం బరువుగా ఉండి అదరదు, కుట్టు సమంగా పడుతుంది.

ఈ మిషన్ల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవి కింద పళ్లెంలోని నూనెను పంపుతో పైకి లాగుకుంటాయి. పంపు మిషను వేగం మీద ఆధారపడి పనిచేస్తుంది. రోజంతా మెల్లగానే కుట్టే షాపులో పైభాగానికి నూనె సరిగా అందదు. మిషను తల మీద చిన్న గాజు కిటికీ ఉంటుంది, నడుస్తున్నప్పుడు అందులో నూనె చిమ్మడం కనిపించాలి. కనిపించకపోతే ముందు పళ్లెంలో నూనె మట్టం చూడండి. అది సరిగా ఉంటే దారాలు తీసేసి, ఫుట్ పైకెత్తి, బట్ట లేకుండా కొద్దిసేపు వేగంగా తిప్పండి. కొత్త మిషను పళ్లెం ఖాళీగా వస్తుంది. నూనె పోయకుండా నడిపితే కొద్దిసేపట్లోనే పట్టేస్తుంది.

అపోహ: వాట్లు ఎక్కువున్న మోటారుకు బలం ఎక్కువ, కరెంటు బిల్లూ ఎక్కువే.

ఇందులో రెండు ముక్కలున్నాయి. ముందు బలం సంగతి చూద్దాం. బ్లౌజు పక్క కుట్టు దగ్గర చేయి, బాడీ, లైనింగు, మడతలు కలిసి ఆరేడు పొరలవుతాయి. అక్కడ టైలరు వేగం తగ్గిస్తుంది. మోటారు బలం పరీక్షకు వచ్చేది సరిగ్గా ఆ మెల్లని వేగంలోనే. నల్ల మిషనుకు బిగించే చిన్న మోటారులో పెడల్ తక్కువగా నొక్కితే మోటారుకు అందే కరెంటు తగ్గుతుంది, దానితోపాటు బలమూ తగ్గుతుంది. అందుకే మందంగా ఉన్నచోట సూది ఆగిపోతుంది, చేత్తో చక్రం తిప్పాల్సి వస్తుంది. పెడల్ గట్టిగా నొక్కితే ఒక్కసారిగా దూకుతుంది. ఆ చిన్న మోటారు విరామం లేకుండా గంటల తరబడి తిరగడానికి చేసినది కూడా కాదు. వేడెక్కి వాసన రావడం, లోపల మెరుపులు ఎక్కువవడం, వేగం హెచ్చుతగ్గులు కావడం కనిపిస్తే కార్బన్ బ్రష్‌లు అరిగాయని అనుమానించాలి.

పవర్ మిషనుకు వచ్చే మోటార్లు ప్రధానంగా రెండు రకాలు. పాత రకం క్లచ్ మోటారు. స్విచ్ వేసినప్పటి నుంచి పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది, పెడల్ నొక్కినప్పుడు క్లచ్ పట్టుకుని మిషను కదులుతుంది. బలానికి లోటు లేదు, ఏళ్ల తరబడి నడుస్తుంది, ఏ మెకానిక్ అయినా బాగుచేస్తాడు. కానీ కొత్తగా నేర్చుకునేవారికి దాన్ని మెల్లగా నడపడం కష్టం. దానికొక చవకైన మార్గం ఉంది. మోటారు పుల్లీని చిన్నది చేయించుకోవాలి. నిమిషానికి 2,880 సార్లు తిరిగే మోటారుకు 100 మిల్లీమీటర్ల పుల్లీ ఉండి, మిషను వైపు పుల్లీ 70 మిల్లీమీటర్లు ఉంటే 4,100 కుట్లు పడతాయి. మోటారు పుల్లీని 50కి మార్చితే రెండు వేల చిల్లరకు తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. బెల్టు మాత్రం పొట్టిది వేయాలి.

కొత్త రకం సర్వో మోటారు. పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది. గరిష్ఠ వేగం ఎంతో బటన్‌తో పెట్టుకోవచ్చు, కొత్తవారు 1,500 దగ్గర పెట్టుకుని మొదలుపెట్టవచ్చు. కరెంటు బిల్లు సంగతి ఇక్కడ తేలుతుంది. సర్వో పెట్టె మీద 550 వాట్లు అని చూసి భయపడి, 250 వాట్ల క్లచ్ మోటారు కొన్నవారిని నాకు తెలుసు. 550 అనేది అది తీసుకోగల గరిష్ఠం. సూది ఆగి ఉన్నప్పుడు అది వాడేది అతి తక్కువ. క్లచ్ మోటారు మీరు డార్టులు గుర్తుపెట్టుకుంటున్నంతసేపూ కరెంటు తింటూనే ఉంటుంది. బ్లౌజు పనిలో సూది కదిలే సమయం ఎంత తక్కువో పై లెక్కలో చూశారు.

సర్వోలోనూ రెండు విధాలు. బల్ల కింద విడిగా బిగించి బెల్టుతో నడిపేది ఒకటి. తల లోపలే మోటారు, పక్కన కంట్రోల్ బాక్సు ఉండే డైరెక్ట్ డ్రైవ్ రెండోది. రెండోది చప్పుడు తక్కువ, సూదిని కావలసిన చోట ఆపుతుంది, కొన్ని రకాలు దారం కూడా వాటంతటవే కత్తిరిస్తాయి. కానీ దాని బోర్డు వోల్టేజీ హెచ్చుతగ్గులకు త్వరగా దెబ్బతింటుంది. ఇంట్లో ఇన్వర్టరు మీద నడపాలనుకుంటే అది సైన్ వేవ్ ఇన్వర్టరేనా అని చూసుకోవాలి. క్లచ్ మోటారుకూ ఒక చిక్కుంది: మొదలైన క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది కాబట్టి చిన్న ఇన్వర్టరు తట్టుకోలేదు.

అపోహ: ఎక్కువ రకాల కుట్లున్న మిషను కొంటే వేరే మిషను అక్కర్లేదు.

బ్లౌజులో పడే కుట్లలో దాదాపు అన్నీ పైదారం, బాబిన్ దారం మధ్యలో ముడిపడే నేరు కుట్టే. తర్వాత కావలసింది అంచులు పీచు లేవకుండా ఓవర్‌లాక్. చీర అంచుకు పీకో కావాలంటే జిగ్‌జాగ్. ఇరవై రకాల కుట్లున్న ఇంటి మిషనులో ఓవర్‌లాక్ అని బొమ్మ ఉన్న కుట్టు అంచు మీదుగా దారం పోనిస్తుంది కానీ అంచును కత్తిరించదు. నిజమైన మూడు దారాల ఓవర్‌లాక్ మిషనులో కత్తి ఉంటుంది, బట్టను సమంగా కోస్తూ దారంతో చుడుతుంది. గిరాకీ పట్టు బ్లౌజు తిరగేసి చూసినప్పుడు ఈ తేడా వెంటనే కనిపిస్తుంది. పువ్వులు, ఆకులు వేసే కుట్లకు టైలరింగ్ షాపులో పని దొరకడం అరుదు. నేరు కుట్టు మాత్రమే వేసే మంచి మిషను ఒకటి, చిన్న ఓవర్‌లాక్ ఒకటి కొనడం నా సలహా. పీకోను ఆర్డర్లు పెరిగేదాకా బయట వేయించుకోవచ్చు.

అపోహ: హెవీ మిషను కొంటే అన్ని బట్టలూ కుట్టవచ్చు.

జీన్స్, రెగ్జిన్ కోసం చేసిన హెవీ మిషనులో సూది దిగే ప్లేటు రంధ్రం పెద్దది, బట్టను లాగే పళ్లు ముతకవి. జార్జెట్, షిఫాన్ వేస్తే సూదితోపాటు బట్ట రంధ్రంలోకి దిగుతుంది, కుట్టు ముడతలు పడుతుంది. బ్లౌజులకు మీడియం రకం తీసుకోండి. పల్చని బట్టకు 11 నంబరు సూది, లైనింగు పనికి 14 సరిపోతాయి. పవర్ మిషను సూది కాడ గుండ్రంగా ఉంటుంది, ఇంటి మిషను సూది కాడ ఒకవైపు చదును. ఒకదాని సూది ఇంకోదానికి పనికిరాదు.

అపోహ: పెద్ద కంపెనీ, వారంటీ కార్డు ఉంటే సర్వీసుకు ఢోకా లేదు.

మధిర ప్రాంతంలో ఇంటి ముందు గదిలో షాపు పెట్టిన ఒకామె కొనేముందు నన్ను అడిగింది. దుకాణదారు ఆమెకు దారం కత్తిరించే డైరెక్ట్ డ్రైవ్ మిషను చూపించాడు. ఆమెను మూడు విషయాలు అడిగి రమ్మన్నాను. మిషను ఆగిపోతే మనిషి ఇంటికి వస్తాడా, ఎన్ని రోజుల్లో? కంట్రోల్ బాక్సు పాడైతే ఇక్కడ దొరుకుతుందా, ధర ఎంత? బాగయ్యేదాకా మారు బాక్సు ఇస్తారా? మనిషి రాడని, బాక్సును హైదరాబాద్ పంపాలని, మారు బాక్సు ఇవ్వడం కుదరదని జవాబు వచ్చింది. దసరా, పెళ్లిళ్ల రోజుల్లో రెండు వారాలు మిషను లేకపోతే ఆమె గిరాకీ పక్క వీధికి వెళ్లిపోతుంది.

చివరకు ఆమె విడి సర్వో మోటారుతో మామూలు తల ఉన్న మీడియం మిషను తీసుకుంది. సర్వో చెడిపోతే విప్పి, బల్ల కింద ఇంకో మోటారు బిగించడం అరపూట పని. బాబిన్ కేస్, షటిల్, పళ్లు, ప్లేటు ఖమ్మంలో ఏ విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతాయని ముందే చూసుకుంది. ఓవర్‌లాక్ పాతది కొన్నాం. కొనేముందు ఆమె తెచ్చుకున్న పట్టు ముక్కలు, జార్జెట్ ముక్కలు కుట్టి చూశాం. పాత నల్ల మిషనును అమ్మనివ్వలేదు. పెద్ద మిషను ఆగిన రోజు అదే ఆదుకోవాలి.

వారంటీ కార్డులో ఏమి చేరవో చదవండి. సూదులు, బెల్టు, బల్బు, బాబిన్, బ్రష్‌ల వంటి అరిగే భాగాలు సాధారణంగా అందులో ఉండవు. బిల్లు మీద తల నంబరు, మోటారు నంబరు రెండూ రాయించుకోండి. మోటారు ఒక కంపెనీది, తల ఇంకొకరిది అయితే రెండింటికీ వేర్వేరు వారంటీలు ఉండవచ్చు. ‘షాపు కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదు’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొని తాను వాడుకునే వస్తువును 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనంగా లెక్కించదు. ఫిర్యాదును మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, ముందుగా 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అందుకు కావలసింది ఆ నంబర్లున్న బిల్లు, దుకాణం ముద్ర వేసిన కార్డు. డబ్బు ఇచ్చిన రోజే రెండూ చేతికి తీసుకోండి.