వాన ఫోటోలో హరివిల్లు: ఎక్కడ పెట్టాలి, ఎంత పెద్దది పెట్టాలి

వాన ఆకాశం ఫోటోలో హరివిల్లు ఎడిట్ చేసి పెట్టినవి ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తుంటాయి, వాటిలో కొన్నింటికి రంగుల దాకా పోకముందే తెలిసిపోతుంది ఇది తర్వాత పెట్టిందని, ఎందుకంటే ఎదురుగా సూర్యుడు అస్తమిస్తుంటాడు, ఆ పక్కనే హరివిల్లు ఉంటుంది. మామూలు లెన్స్‌లో ఆ రెండూ కలిసి పడే అవకాశమే లేదు. హరివిల్లు కనపడాలంటే సూర్యుడు మన వీపు వెనకాల ఉండాలి, వాన మన ముందు పడుతుండాలి.

ఎందుకలా అంటే, చినుకులోకి దూరిన వెలుతురు వంగి, లోపల వెనక వైపు ఒకసారి తగిలి తిరిగి మన వైపుకి వస్తుంది. అలా తిరిగొచ్చే కిరణం, తను వచ్చిన దారి నుంచి ఎక్కువలో ఎక్కువ 42 డిగ్రీల పక్కకి మాత్రమే పోగలదు, పైగా సరిగ్గా ఆ 42 దగ్గరే చాలా కిరణాలు గుమిగూడతాయి, అందుకే అక్కడ వెలుగు ఎక్కువ. ఈ లెక్కని ఫ్రెంచ్ గణితవేత్త డెకార్ట్ 1637లోనే కట్టి చూపించాడు. మన పనికి దీంట్లోంచి కావాల్సింది ఒకటే: సూర్యుడికి సరిగ్గా ఎదురు పాయింట్, అంటే మీ కెమెరా నీడ పడే వైపు, అదే హరివిల్లుకి సెంటర్. దాని చుట్టూ 42 డిగ్రీల దూరంలో గీసిన వలయమే హరివిల్లు. దానికి ఇన్ని మీటర్ల సైజు అనేది ఉండదు, కోణమే ఉంటుంది, కాబట్టి ఫోటోలో దాని సైజు డిసైడ్ చేసేది లెన్స్, ఎత్తు డిసైడ్ చేసేది సూర్యుడు. మనకి నచ్చినంత సాగదీసుకోడానికి ఇక్కడ చోటు లేదు.

ముందు సూర్యుడి సంగతి చూద్దాం. సూర్యుడు పైకి ఎక్కేకొద్దీ ఎదురు పాయింట్ భూమి కిందకి దిగిపోతుంది, 42 డిగ్రీలు దాటాడంటే వలయం మొత్తం హొరైజన్ కిందే ఉండిపోతుంది, నేల మీద నిలబడ్డవాళ్లకి ఆకాశంలో హరివిల్లు ఉండదు. జూన్‌లో విశాఖపట్నంలో ఉదయం ఎనిమిదిన్నర దాటాక మధ్యాహ్నం మూడుంబావు దాకా దాదాపు ఇదే పరిస్థితి. ఫోటో ఎన్నింటికి తీశారో తెలీకపోతే నీడలు చూడండి, మనిషి నీడ మనిషి ఎత్తు కంటే పొట్టిగా ఉంటే ఆ ఫోటోలో హరివిల్లు పెట్టడం మానుకోవడమే మంచిది. అసలు ఎక్కడా నీడే లేదు, ఎండ చుక్క కూడా పడట్లేదు, అంతా ఒకే బూడిద రంగు ముసురు అంటే కూడా అంతే, ఎండ లేని వానకి హరివిల్లు రాదు. ముందు వైపు ఇసుక మీదో గోడల మీదో పసుపుపచ్చ ఎండ పడుతూ, వెనకాల మబ్బు నల్లగా ఉన్న ఫోటో దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు ఒక ఫోటో తీసుకుని లెక్క చేద్దాం. విశాఖ ఆర్కే బీచ్, జూన్ సాయంత్రం సుమారు 5 గంటలు, కెమెరా తూర్పుకి, సముద్రం వైపు ఉంది, దూరంగా నీళ్ల మీద వాన పడుతోంది, వెనక ఊరి వైపు నుంచి ఎండ వస్తోంది. ఆ టైమ్‌కి అక్కడ సూర్యుడి ఎత్తు సుమారు 20 డిగ్రీలు. ఫోన్ మెయిన్ కెమెరా, 26 ఎంఎం ఈక్వివలెంట్, ఫోటో సైజు 4000×3000, హొరైజన్ సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో ఉందనుకుందాం. ఈ 26 అనే నంబర్ ఫోటో డీటెయిల్స్‌లో FocalLengthIn35mmFilm అని ఉంటుంది. 4000×3000 ఫోటోకి డయాగనల్ 5000 పిక్సెల్స్, పాత 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్ డయాగనల్ 43.3 ఎంఎం, కాబట్టి లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని, అంటే f ని, పిక్సెల్స్‌లోకి మారిస్తే ఇలా వస్తుంది:

```
f = 26 × 5000 / 43.3 ≈ 3000
r = f × tan(42°) ≈ 2700
h = f × tan(42° − 20°) ≈ 1210
```

r అంటే హరివిల్లు రేడియస్, h అంటే దాని నడినెత్తి హొరైజన్ నుంచి ఎంత పైన ఉండాలో. నెత్తి 1210 పిక్సెల్స్ పైన, రేడియస్ 2700 అంటే సెంటర్ హొరైజన్‌కి 1490 కింద పడుతుంది, అంటే ఈ ఫోటోలో దాదాపు కింది అంచు మీద. రేడియస్ 2700 అయితే ఫ్రేమ్ మధ్య నుంచి పక్క అంచు 2000 పిక్సెల్సే ఉంది కదా, అందుకని విల్లు రెండు కాళ్లూ నీళ్లని తాకకముందే, హొరైజన్‌కి మూడొందల యాభై పిక్సెల్స్ పైనే పక్క అంచుల్లోంచి బయటికి వెళ్లిపోతాయి. సూర్యుడు ఇంత కిందున్నప్పుడు హరివిల్లు మొత్తం ఫోన్ మెయిన్ కెమెరాలో పట్టదు, వర్షం వెలిశాక ఫోన్ పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచినవాళ్లందరికీ ఇది తెలిసే ఉంటుంది, ఎంత వెనక్కి నడిచినా కోణం మారదు మరి. అందుకే మామూలు ఫోన్ ఫోటోలో ఒక ఇంటి మీదనో పడవ మీదనో చిన్న బుల్లి ఆర్చ్, రెండు కాళ్లూ దగ్గర దగ్గరగా నేల మీద ఆని కనిపిస్తే, అది పెట్టిందే. జూమ్ లెన్స్‌తో తీసిన ఫోటోలో అయితే విల్లు వంపు కూడా పెద్దగా తెలీదు, దాదాపు తిన్నటి రంగుల పట్టీలా ఉండాలి.

ఒక చిన్న మాట, కెమెరా ఎదురు పాయింట్ వైపు సూటిగా చూడట్లేదు కాబట్టి నిజానికి ఫోటోలో పడేది పూర్తి సర్కిల్ కాదు, కాస్త సాగిన ఎలిప్స్. కానీ నెత్తి దగ్గర దాని వంపు ఇదే 2700 రేడియస్‌కి సరిపోతుంది, అంచుల దగ్గర తేడా కొద్దిగానే ఉంటుంది, మామూలు లెన్స్‌కి సర్కిల్‌తో పనైపోతుంది. అల్ట్రావైడ్‌లో మాత్రం ఆ సాగుడు కంటికి తెలిసిపోతుంది. ఇంకోటి, ఫోటో క్రాప్ అయ్యుంటే ఈ లెక్క కుదరదు, క్రాప్ కాని ఒరిజినల్ మీదే కొలవాలి.

పట్టీ వెడల్పు దగ్గర కూడా బాగా తప్పు జరుగుతుంది. ఎరుపు బయటి అంచు 42.4 డిగ్రీల దగ్గర, ఊదా 40.5 దగ్గర, అంటే మొత్తం రెండు డిగ్రీలు కూడా లేదు. మన ఫోటోలో నెత్తి దగ్గర అది హొరైజన్‌కి 1120 నుంచి 1235 పిక్సెల్స్ పైన దాకా, అంటే సుమారు 115 పిక్సెల్స్. రేడియస్‌లో ఇరవై మూడో వంతు అనుకోండి. రెడీమేడ్ పీఎన్‌జీల్లో దొరికేవి దీనికి మూడు నాలుగు రెట్లు లావుగా ఉంటున్నాయి.

రంగుల వరస అందరికీ స్కూల్లో చెప్పిన విబ్‌జియారే, లోపల్నుంచి బయటికి చదువుకోవాలి, ఎరుపు బయట. అయితే ఏడు సమానమైన చారలు గీస్తే మాత్రం గోడ మీద పెయింట్ వేసినట్టే ఉంటుంది. 42.4 దాటాక ఎర్ర వెలుతురు లేదు, అందుకే బయటి అంచు కొంచెం షార్ప్‌గా, ఎరుపు శుభ్రంగా కనిపిస్తుంది. కానీ ఆ అంచుకి లోపల వైపంతా ఎరుపు కొంచెం కొంచెం పరుచుకునే ఉంటుంది, దాని మీద నారింజ, దాని మీద పసుపు, ఇలా లోపలికి వచ్చేకొద్దీ ముందు రంగులన్నీ కలిసిపోయి ఆకుపచ్చ మెత్తబడుతుంది, నీలం పలచబడుతుంది, ఊదా అయితే ఉందా లేదా అన్నట్టు తెల్లదనంలోకి జారిపోతుంది. దీనికి తోడు సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం, అందుకని ప్రతి రంగూ మన ఫోటోలో నెత్తి దగ్గర దాదాపు 30 పిక్సెల్స్ మేర అలుక్కుపోతుంది. రంగుకీ రంగుకీ మధ్య గీత కనపడదంటే కారణం ఇదే. కాబట్టి రేడియల్ గ్రేడియంట్ వేసి, ఎరుపు నుంచి లోపలికి సాచురేషన్ తగ్గిస్తూ పోయి, చివర్లో పన్నెండు పదిహేను పిక్సెల్స్ గాసియన్ బ్లర్ ఇస్తే సరిపోతుంది.

ఇక ట్రాన్స్‌పరెన్సీ. దీన్ని ఒపాసిటీ స్లైడర్ సమస్య అనుకుంటారు గానీ అసలు కీలకం బ్లెండ్ మోడ్‌లో ఉంది. హరివిల్లు వెనకున్న మబ్బుని కప్పదు, మబ్బు నుంచి వచ్చే వెలుతురుకి ఇంకొంత వెలుతురు కలుపుతుంది అంతే, ఎక్కడా కూడా ఆకాశాన్ని ముందున్నదాని కంటే నల్లగా చేయలేదు. లేయర్ నార్మల్ మోడ్‌లో ఉంటే ఒపాసిటీ ఎంత తగ్గించినా నీలం, ఊదా భాగాలు తెల్ల మబ్బుని డల్ చేసేస్తాయి, మురికి మరకలా కనిపిస్తుంది, అక్కడే దొరికిపోతారు. లేయర్‌ని స్క్రీన్ మోడ్‌లో పెట్టాలి, ఫోటోషాప్‌లోనూ గింప్‌లోనూ ఉంటుంది, దాని లెక్క ఇది:

```
1 − (1 − a) × (1 − b)
```

a మబ్బు, b హరివిల్లు, రెండూ 0 నుంచి 1 మధ్య. మబ్బు 0.3 ఉన్నచోట 0.2 హరివిల్లు కలిపితే 0.44 అవుతుంది, బాగా తెలుస్తుంది. మబ్బు 0.9 ఉన్నచోట అదే 0.2 కలిపితే 0.92 దగ్గర ఆగిపోతుంది, దాదాపు మాయం. బయట కూడా అంతే కదా, నల్ల మబ్బు మీద మెరిసే విల్లు తెల్ల మబ్బు ముక్క దగ్గరికొచ్చేసరికి కరిగిపోయినట్టు ఉంటుంది, స్క్రీన్ మోడ్ ఆ పనిని దానంతట అదే చేసిపెడుతుంది. ఒపాసిటీ నేనైతే 30 శాతం దగ్గర మొదలుపెట్టి కిందకే దించుతాను.

చాలామంది వదిలేసేది, నా దృష్టిలో ఫోటోని నిజంగా నిలబెట్టేది, విల్లు లోపలి ఆకాశం. 42 డిగ్రీలు హద్దు అన్నాం కదా, దానికి లోపలి కోణాలన్నిట్లోనూ చినుకులు కొంత వెలుతురు పంపిస్తూనే ఉంటాయి, అక్కడ అన్ని రంగులూ కలిసి తెల్లగా ఉంటుంది. అందుకే హరివిల్లు లోపల ఆకాశం బయటి కంటే స్పష్టంగా వెలుగ్గా ఉంటుంది. ఇంకో లేయర్ తీసుకుని, అదీ స్క్రీన్‌లోనే, ఊదా అంచు దగ్గర నుంచి సెంటర్ వైపుకి మెల్లగా తగ్గే పలచటి తెలుపు వేయండి, ఐదు నుంచి పది శాతం మించక్కర్లేదు. ఇది వేయకముందు, వేశాక ఆన్ ఆఫ్ చేసి చూస్తే తెలుస్తుంది.

రెండో హరివిల్లు పెట్టాలనుకుంటే అది 51 డిగ్రీల దగ్గర మొదలయ్యి పైకి పోతుంది, రంగులు తిరగబడతాయి, ఎరుపు లోపల, ఊదా బయట, ఇంకా పలచగా, ఇంకా వెడల్పుగా. మొదటిదాన్నే కాపీ చేసి పెద్దది చేస్తే వరస తప్పుతుంది. మన బీచ్ ఫోటోలో దాని నెత్తి హొరైజన్‌కి 1800 పిక్సెల్స్ పైన, అంటే ఫ్రేమ్ బయట పడుతుంది, పై మూలల్లో మాత్రం రెండు చిన్న ముక్కలు కనిపించాలి. రెండింటి మధ్య ఆకాశం కాస్త చీకటిగా ఉంటుంది, అలెగ్జాండర్ పట్టీ అంటారు, దాన్ని నల్లగా చేయక్కర్లేదు, అటూ ఇటూ వెలిగించాం కాబట్టి అదే చీకటిగా కనిపిస్తుంది.

మిగిలింది మాస్క్. వాన లేనిచోట, మబ్బు నీడ పడ్డచోట విల్లు ఉండదు, కాబట్టి పెద్ద మెత్తటి బ్రష్‌తో అక్కడక్కడ తగ్గించాలి, ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకే వెలుగుతో ఉన్న విల్లు అరుదు, పెద్ద చినుకుల వానలో నెత్తి కంటే కాళ్లే ఎక్కువ మెరుస్తాయి. దగ్గరున్న కొబ్బరిచెట్టు, దీపస్తంభం, మనుషులు విల్లుని కప్పాలి. దూరపు కొండ, దూరపు ఓడ అలా కప్పక్కర్లేదు, వాన వాటికి ఇవతల పడుతుంటే విల్లు వాటి ముందు నుంచే పోతుంది, సముద్రం మీద కూడా హొరైజన్ దాటి కిందకి, నీళ్ల ముందు కూడా పలచగా కనిపించొచ్చు. చివరగా ఫోటోని వంద శాతం జూమ్‌లో చూడండి, వాన ఫోటోల్లో నాయిస్ ఉంటుంది, గ్రేడియంట్‌లో ఉండదు, ఆకాశం గరుకుగా ఉండి విల్లు మాత్రం నున్నగా ఉందంటే ఆ లేయర్‌కి అదే సైజు నాయిస్ కొద్దిగా కలపాలి.