జ్వరంతో కుంటే పిల్లలు: తుంటి కీలులో చీము గురించి అపోహలు, వాస్తవాలు

అపోహ: ఆడుకుంటూ పడ్డాడు, కాలు బెణికింది, నూనె రాసి కట్టు కడితే సర్దుకుంటుంది.

వాస్తవం: పిల్లలు రోజూ ఎక్కడో ఒకచోట పడుతూనే ఉంటారు కాబట్టి, ఏ కుంటుకైనా ఇంట్లోవాళ్లకు ఒక దెబ్బ గుర్తుకొస్తుంది. అయితే బెణుకుకు 102 డిగ్రీల జ్వరం రాదు. నా దగ్గరకు ఒక నాలుగేళ్ల బాబును ఐదో రోజున తీసుకొచ్చారు. నొప్పి ఎక్కడని అడిగితే మోకాలు చూపించాడు, అప్పటికే మోకాలికి ఎక్స్‌రే కూడా తీయించారు. తుంటి కీలు నొప్పి పిల్లలకు మోకాలిలో తెలియడం మామూలే. తొడను పైకి మడిచి పక్కకు వాల్చి పడుకున్నాడు, ఎందుకంటే కీలు చుట్టూ ఉండే పొరకు ఆ భంగిమలోనే కాస్త వదులు దొరుకుతుంది. తొడను కొద్దిగా లోపలికి తిప్పగానే గట్టిగా ఏడ్చాడు.

అపోహ: ఎక్స్‌రే బాగుంది కాబట్టి భయం లేదు.

వాస్తవం: ఎముకలో మార్పు ఎక్స్‌రేలో కనిపించడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మేము చూసేది వేరు: 38.5 సెల్సియస్ దాటిన జ్వరం, ఆ కాలిమీద బరువు మోపలేకపోవడం, రక్తపరీక్షలో 40 దాటిన ఈఎస్ఆర్ అనే వాపు సూచిక, 12,000 దాటిన తెల్లకణాలు. జలుబు తర్వాత కొందరు పిల్లలు కొద్దిరోజులు కుంటి వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు, వారిలో ఇవన్నీ కలిసి కనిపించడం అరుదు. వాపును చూపే సీఆర్పీ అనే మరో రక్తపరీక్ష కూడా ఉపయోగపడుతుంది. అల్ట్రాసౌండ్‌లో కీలులో నీరు కనిపిస్తే, అది చీమో కాదో సూదితో తీసి చూస్తేనే తేలుతుంది. నెలల పసికందుకు అసలు జ్వరమే ఉండకపోవచ్చు, బట్ట మార్చేటప్పుడు ఏడవడం, ఒక కాలు కదపకపోవడం మాత్రమే గుర్తులు.

అపోహ: యాంటీబయోటిక్ మొదలుపెట్టాం కదా, నాలుగు రోజులు చూద్దాం.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇదే. చీములోని ఎంజైములు కీలు మృదులాస్థిని గంటల వ్యవధిలోనే తినడం మొదలుపెడతాయి, పైగా తుంటి లోతుగా ఉండే ఇరుకు కీలు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి, తొడ ఎముక తలకు వెళ్లే రక్తనాళాలు నొక్కుకుపోతాయి. ఆ ఎముక మెడలో మొదలైన ఇన్‌ఫెక్షన్ కూడా నేరుగా కీలులోకే పగులుతుంది, ఎందుకంటే ఆ భాగం కీలు పొర లోపలే ఉంటుంది. ఎముక పొడవు పెరిగే పలక దెబ్బతింటే పిల్లవాడు ఎదిగేకొద్దీ ఆ కాలు వెనకబడుతుంది. అందుకే చీమును అదే రోజు ఆపరేషన్‌తో కడిగేయాలి, యాంటీబయోటిక్ దానికి తోడుగా మాత్రమే పనిచేస్తుంది. ముందే సగం సగం డోసులు వాడితే, చీములోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షలో క్రిమి దొరకక ఏ మందు సరిపడుతుందో తెలియకుండా పోతుంది.

ఆ బాబుకు ఆ రాత్రే కీలు తెరిచి చీము కడిగాం, మూడు రోజుల్లో జ్వరం దిగింది. ఏడాది తర్వాత తీసిన ఎక్స్‌రేలో తొడ ఎముక తల ఒకవైపు చదునై ఉంది, ఆ కాలు ఒకటిన్నర సెంటీమీటరు పొట్టిగా ఉంది.