చివరి పని నుంచి మొదటి మాటకు

పసిపిల్లల నీళ్ళ విరేచనాల గురించి తల్లులకు పావుగంట సేపు చెప్పమంటే, ఆరోగ్య కార్యకర్త సిద్ధం చేసుకునే ప్రసంగం చాలావరకు పాఠ్యపుస్తకం వరుసలోనే సాగుతుంది. విరేచనాలు ఏ క్రిముల వల్ల వస్తాయో, ఒంట్లోని నీరు, లవణాలు ఎలా తగ్గిపోతాయో వివరించాక, చివరన ఓఆర్‌ఎస్ కలిపే పద్ధతి వస్తుంది. ఆ చివరి భాగం చేరేసరికి చంకలోని బిడ్డ ఏడుపు మొదలుపెడుతుంది, పొయ్యి మీది అన్నం గుర్తుకొస్తుంది. బిడ్డ ప్రాణం నిలిపే విషయమే తొందరలో ముగిసిపోతుంది.

దీనికి ఎదురు దిశలో ఆలోచించడం ఒక పద్ధతి. సభ ముగిశాక ఎవరు, ఎప్పుడు, ఏం చేయాలో ముందుగా ఒకే వాక్యంలో రాసుకుని, ఆ పని జరగడానికి దానికి సరిగ్గా ముందు ఏం ఉండాలని అడుగుతూ వెనక్కి నడవాలి. "తల్లులకు అవగాహన కలగాలి" అనేది అలాంటి వాక్యం కాదు, ఎందుకంటే అవగాహన కలిగిందో లేదో బయటి మనిషి చూడలేడు. "బిడ్డకు విరేచనాలు మొదలైన రోజునే తల్లి ప్యాకెట్టు మొత్తాన్ని దాని మీద రాసినంత నీటిలో కలిపి, విరేచనం అయిన ప్రతిసారీ తాగించాలి" అనేది కంటికి కనబడే పని.

ఇప్పుడు వెనక్కి నడుద్దాం. తాగించే సమయంలో ఆమె చేతిని ఆపేదేమిటి? బిడ్డ వాంతి చేసుకుంటే ఇక లోపల ఏదీ నిలవదన్న భయం ఒకటి, నీళ్ళు తాగిస్తే విరేచనాలు పెరుగుతాయన్న నమ్మకం మరొకటి. అందువల్ల, వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో మెల్లగా మళ్ళీ పట్టాలన్న మాట ప్రసంగంలో ఉండి తీరాలి. దానికి ముందరి మెట్టు కలపడం. లీటరు ప్యాకెట్టును గ్లాసు నీటిలో కలిపితే ఉప్పు మోతాదు మించి బిడ్డకు ప్రమాదం జరగవచ్చు; నీరు ఎక్కువైతే ద్రావణం పలచబడి ఫలితం తగ్గుతుంది. బజారులో లీటరు ప్యాకెట్టుతో పాటు 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్టు కూడా దొరుకుతుంది గనుక కొలత దగ్గరే పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. కాబట్టి ప్రసంగంలో సగం సమయం ఇక్కడే ఖర్చుపెట్టడం న్యాయం. అంతకు ముందరి మెట్టు ఇంట్లో ప్యాకెట్టు ఉండటం. అది లేకపోతే ఎంత చక్కని ప్రసంగమైనా ఆ రాత్రి అక్కరకు రాదు, అందుకే ప్యాకెట్లు పంచడం కూడా ప్రణాళికలో భాగమవుతుంది.

ఇలా మెట్లన్నీ దిగి వచ్చాక క్రిముల కథకు మిగిలేది ఒక్క వాక్యమే. చిన్నపేగులో చక్కెర లోపలికి వెళ్తూ ఉప్పునూ, వాటి వెంట నీటినీ తీసుకుపోతుందన్న సంగతిని మాత్రం వదలకూడదని నా అభిప్రాయం. ఉత్త నీళ్ళు ఎందుకు చాలవన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుంచి పదేళ్ళలో కోటికి పైగా ఇళ్ళకు వెళ్ళి ఇలాంటి ద్రావణాన్ని ఇంట్లోనే కలపడం నేర్పింది. అక్కడ తల్లి చేయాల్సిన పని మూడు వేళ్ళ చిటికెడు ఉప్పును, గుప్పెడు బెల్లాన్ని అర సేరు నీటిలో కలపడం. గుర్తుంచుకోవాల్సిన పది అంశాలను తర్వాత ఏడుకు కుదించారు. కార్యకర్త కలిపి చూపించడం మాని, తల్లి చేతనే కలిపించారు. కొన్నాళ్ళకు వేరే సిబ్బంది వచ్చి ఆమెకు ఎంత గుర్తుందో, ఎలా కలుపుతోందో చూసేవారు, ఆ ఫలితాన్ని బట్టే కార్యకర్తకు జీతం అందేది. అయినా మొదట్లో, చక్కగా నేర్చుకున్న తల్లులు కూడా అవసరం వచ్చినప్పుడు దాన్ని అంతగా వాడలేదు. కారణాలు వెదికితే, నేర్పేవారిలోనే కొందరికి దాని మీద నమ్మకం లేదనీ, ఇంట్లో నిర్ణయాలు చేసే మగవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదనీ బయటపడింది. దాంతో శిక్షణను మార్చి, మగవాళ్ళతోనూ సమావేశాలు పెట్టారు. వెనక్కి నడిచేటప్పుడు జారిపోయిన మెట్లు ఇవి: పని తల్లిదే అయినా, దానికి అనుమతి ఇంకొకరి చేతిలో ఉంది.

ఈ పద్ధతికి ఒక హద్దు కూడా ఉంది. ఒకే పనికి ప్రసంగాన్ని బిగిస్తే, ఆ పని చాలని సందర్భం కనబడకుండా పోవచ్చు. విరేచనంలో రక్తం పడినా, కళ్ళు లోపలికి పోయినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా చేయాల్సింది ఆసుపత్రికి తీసుకెళ్ళడం. ఈ గుర్తులను మొదటి పని పక్కనే రెండో పనిగా ముందే రాసుకోవాలి.

ఇక చివరి ఐదు నిమిషాలను "అర్థమైందా అమ్మా?" అన్న ప్రశ్నకు ఇవ్వకూడదు, దానికి అందరూ తలూపుతారు. ఒక తల్లి చేతికి ప్యాకెట్టు, ఆమె ఇంటి చెంబు ఇచ్చి కలపమనాలి. ఆమె ప్యాకెట్టు మీది కొలత చూడకుండానే చెంబులో నీళ్ళు పోస్తే, మార్చాల్సిన భాగం ఏదో కార్యకర్తకు అక్కడికక్కడే తెలిసిపోతుంది.