హోల్ గ్రెయిన్ అని రాసున్న పెట్టెలోకి అంత పంచదార ఎక్కడ్నించి వచ్చింది

అమలాపురం, రాజోలు వైపు చిన్న చిన్న కిరాణా కొట్లలో కూడా ఇప్పుడు పిల్లలు పాలల్లో వేసుకు తినే చాకొలెట్ సీరియల్ దొరుకుతోందండి. పెట్టె మీద గోధుమ కంకి బొమ్మ, హోల్ గ్రెయిన్ అని పెద్ద అక్షరాలు, ఐరన్, బీ విటమిన్లు ఉన్నాయని ఇంకో గుండ్రటి ముద్ర, పక్కనే నవ్వుతున్న కార్టూన్ జంతువు. మా పక్కింటి అక్క ఆ పెట్టె తీసుకొచ్చి "ఏరా తమ్ముడూ, ఇందులో ఉన్నది గోధుమేనంట, విటమిన్లు కూడా ఉన్నాయంట, మరి నోట్లో వేసుకుంటే మిఠాయిలా ఉందేంటి?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే ఆ పెట్టె మీద రాసినదాంట్లో అబద్ధం ఏమీ లేకపోవచ్చు, గోధుమా నిజమే, విటమినూ నిజమే, తీపీ నిజమే. మూడూ ఒకే గిన్నెలో ఎలా కుదురుతాయో చూద్దాం.

ముందు హోల్ గ్రెయిన్ సంగతి. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, దంపుడు బియ్యం అంటే హోల్ గ్రెయినే. మిల్లులో పాలిష్ పట్టినప్పుడు తవుడుగా పోయేది గింజ పైపొర, దాంతోపాటు మొలకొచ్చే ముక్కు. గోధుమలో కూడా అంతే, పైపొర, మొలక భాగం, లోపల పిండి భాగం, ఈ మూడూ గింజలో ఉన్న పాళ్ళలోనే పిండిలోనూ ఉంటే అది హోల్ గ్రెయిన్, మన మాటల్లో ముడి ధాన్యం. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఆ మాట గింజ గురించి మాత్రమే చెప్తోంది. పెట్టెలో గింజ కాకుండా ఇంకేం కలిసాయి, ఎంత కలిసాయి అనేదానితో దానికి సంబంధం లేదు. 100 గ్రాముల్లో 48 గ్రాములు ముడి ధాన్యం ఉండొచ్చు, అదే 100 గ్రాముల్లో 30 గ్రాములు చక్కెరా ఉండొచ్చు, ఒకదానికొకటి అడ్డం రావు.

ఇప్పుడు ఫ్యాక్టరీలోకి వెళ్దాం, అసలు విషయం అక్కడే ఉంది. ఈ చిన్న చిన్న గవ్వలు, బంతులు చాలావరకు ఎక్స్‌ట్రూడర్ అనే మిషన్లో తయారవుతాయి. పిండిలో కాస్త నీళ్ళు కలిపి పొడుగాటి గొట్టంలోకి పంపిస్తారు, లోపల స్క్రూ తిరుగుతూ దాన్ని ముందుకి తోస్తూ, నలుపుతూ, బాగా వేడి చేస్తుంది, ఒత్తిడి కూడా ఎక్కువగా ఉంటుంది కాబట్టి నీళ్ళు మరిగే వేడి దాటినా ఆవిరైపోకుండా పిండిలోనే ఉంటాయి. చివర్న చిన్న బెజ్జంలోంచి బయటికి రాగానే ఒత్తిడి ఒక్కసారిగా పోయి ఆ నీళ్ళు ఆవిరై పిండిని ఉబ్బిస్తాయి, కత్తి దాన్ని ముక్కలు కోస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది, పిండిలోనే పంచదార ఎక్కువ వేసేస్తే అది నీళ్ళని తనవైపు లాగేసుకుంటుంది, ముక్క సరిగ్గా ఉబ్బదు, గట్టిగా వస్తుంది. అందుకని పిండిలో కొంచెమే వేసి, మిగతా తీపిని తర్వాత పైన పూస్తారు. ఉబ్బిన ముక్కల్ని పెద్ద తిరిగే డ్రమ్ములో వేసి, వేడి పంచదార పాకం, కోకో, ఫ్లేవర్ స్ప్రే చేసి, మళ్ళీ ఆరబెడతారు. మన తాపేశ్వరం కాజాని ముందు వేయించి ఆ తర్వాత పాకంలో వేసినట్టే, తీపి ఆఖర్న పైనుంచి పడుతుంది.

విటమిన్లు ఎప్పుడు కలుపుతారో చూడండి. ఐరన్ లాంటి ఖనిజాలు వేడికి చెడవు కాబట్టి పిండిలోనే కలిపేయొచ్చు. బీ1, ఫోలేట్, సీ విటమిన్ లాంటివి ఎక్స్‌ట్రూడర్ వేడికి కొంత పోతాయి, అందుకని వాటిని చాలాసార్లు ముక్క ఉడికాక పై పూతలో కలిపి స్ప్రే చేస్తారు. అంటే పెట్టె ముందు గొప్పగా రాసిన విటమిన్, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పంచదార, రెండూ ఒకే డ్రమ్ములో ఒకే పాకంతో ముక్కకి అంటుకుని ఉండొచ్చు! విటమిన్ ఉందంటే తీపి తగ్గిందని అనుకోడానికి ఏ ఆధారమూ లేదు.

ఆ పాకం రుచి కోసమేనా అంటే కాదు. ముడి గోధుమ పైపొరకి కొంచెం చేదు, వగరు ఉంటాయి, కోకోకి ఇంకా చేదు, పిల్లలకేమో చేదు నచ్చదు, కాబట్టి ఆ చేదుని కప్పడానికి ఒక పని. రెండో పని పాలల్లో వేసాక మెత్తబడకుండా చూడడం. ఉబ్బిన ముక్క నిండా సన్నటి ఖాళీలుంటాయి, పాలు క్షణాల్లో లోపలికి పోతాయి, పైన గట్టిపడిన పంచదార పొర ఉంటే పాలు ఆలస్యంగా దిగుతాయి, పిల్లాడు నెమ్మదిగా తిన్నా కరకరలాడుతుంది. కంపెనీ ఆరోగ్యం పేరుతో ముడి ధాన్యం పెంచినా తీపి మాత్రం తగ్గించలేకపోడానికి కారణం చాలావరకు ఇదే, ఇంకా చెప్పాలంటే ముడి ధాన్యం పెరిగేకొద్దీ కప్పాల్సిన చేదు కూడా పెరుగుతుంది.

సరే, ఇప్పుడు లెక్క కోసం ఒక పెట్టె ఊహించుకుందాం, ఇది ఏ బ్రాండూ కాదు గానీ చాకొలెట్ రకాల్లో ఇలాంటి పాళ్ళు మామూలే. 100 గ్రాములకి గోధుమ పిండి 28, పంచదార 22, బియ్యప్పిండి 12, జొన్నపిండి 10, రాగిపిండి 10, కోకో 5, గ్లూకోజ్ సిరప్ 5, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 3, మిగతా 5 నూనె, ఉప్పు, విటమిన్లు వగైరా. మన దేశంలో రూల్ ప్రకారం పదార్థాల్ని బరువులో ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. కాబట్టి మొదట గోధుమ వస్తుంది, చదివినవాళ్ళకి హమ్మయ్య అనిపిస్తుంది. కానీ పంచదార, సిరప్, మాల్ట్ ఈ మూడూ తీపి కోసం వేసినవే, కలిపితే 30, అంటే ఒక్క పేరుతో రాసుంటే గోధుమ కంటే ముందు అదే ఉండేది. ఇది చట్టానికి విరుద్ధం కాదు, తీపిని రకరకాల పేర్ల కింద విడగొడితే వరసలో కిందికి జారుతుంది అంతే. ఇన్వర్ట్ సిరప్, తేనె, డెక్స్‌ట్రోజ్, బెల్లం, ఖర్జూరం సిరప్ కనిపించినా ఇదే లెక్కలో వేసుకోండి. మాల్టోడెక్స్‌ట్రిన్ అని కూడా ఒకటుంటుంది, అది చక్కెర కింద లెక్కకి రాదు గానీ ఒంట్లో చాలా త్వరగా గ్లూకోజ్ అయిపోతుంది.

ఇక వెనక పట్టిక. ఒక సర్వింగ్ 30 గ్రాములు అని ఉంటుంది, అందులో మన లెక్క ప్రకారం తీపి 9 గ్రాములు, టీస్పూన్ 4 గ్రాములనుకుంటే రెండు స్పూన్లు దాటింది. పక్కన శాతం 18 అని ఉంటుంది, పోన్లే అంత ఎక్కువేం కాదుగా అనిపిస్తుంది. కానీ ఆ శాతం కట్టేది రోజుకి 2000 క్యాలరీలు తినే పెద్దమనిషికి పెట్టిన 50 గ్రాముల యాడెడ్ షుగర్ మీద. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 4 నుంచి 6 ఏళ్ళ పిల్లకి రోజుకి 1360 క్యాలరీలు చాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు కలిపిన చక్కెర అందులో పదో వంతు దాటకూడదంటే 34 గ్రాములు, ఇంకా మంచిదని వాళ్ళు చెప్పే 5 శాతానికైతే 17 గ్రాములే. అంటే పెట్టె మీద 18 శాతం అని ఉన్నది ఆ పిల్లకి 26 శాతం. పైగా 30 గ్రాములు అంటే ఎంతో ఒకసారి వంటింటి త్రాసులో తూచి చూడండి, చాలా తక్కువ కనిపిస్తుంది, పిల్లలు తమంతట తాము వేసుకుంటే 60 గ్రాములు పడ్డం కష్టం కాదు. అప్పుడు 18 గ్రాములు, పొద్దున్న ఒక్క గిన్నెతోనే ఆ 17 దాటిపోయింది, ఇంకా స్కూల్లో తినే బిస్కెట్, సాయంత్రం హార్లిక్స్ లాంటివి లెక్కే వెయ్యలేదు.

పాలతో కలిపి అని ఇంకో కాలమ్ ఉంటే దాన్ని విడిగా చూడాలి. అందులో పెరిగిన ప్రోటీను, కాల్షియం సీరియల్‌వి కావు, మనింటి గేదె పాలవే, ఉత్త పాలు తాగినా అవి వస్తాయి. అలాగే ఆ కాలమ్‌లో టోటల్ షుగర్స్ పెరిగితే కంగారు పడక్కర్లేదు, పాలల్లో సహజంగా ఉండే లాక్టోజ్ అది, అరకప్పు పాలకి సుమారు 6 గ్రాములు, పిల్లలకి తగ్గించమని చెప్పే చక్కెరలోకి అది రాదు. చూడాల్సింది యాడెడ్ షుగర్స్ అనే వరస, అదీ 100 గ్రాములకి రాసిన కాలమ్‌లో, ఎందుకంటే సర్వింగ్ సైజు ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకోవచ్చు గానీ 100 గ్రాములు ఎవరికైనా 100 గ్రాములే. మన దగ్గర తక్కువ చక్కెర అని రాయాలంటే 100 గ్రాములకి 5 దాటకూడదు. బ్రిటన్లో 22.5 గ్రాములు దాటితే పెట్టె ముందు ఎర్ర రంగు వేసే పద్ధతి ఉంది. చిలీలో 2016 నుంచి చక్కెర హద్దు దాటిన వాటి మీద నల్లటి హెచ్చరిక గుర్తు వెయ్యాలి, కార్టూన్ బొమ్మలు కూడా తీసెయ్యాలి, అక్కడ సీరియల్ పెట్టెల మీద పులులూ కోతులూ మాయమైపోయాయి. పిల్లలు పెట్టెని ఎంచుకునేది బొమ్మ చూసే, కాబట్టి నా ఉద్దేశంలో ఆ రూల్ మనకీ కావాలి.

విటమిన్ గురించి ఒక్క మాట. పెద్దవాళ్ళకి రోజంతటికీ కావాల్సిన బీ1 రెండు మిల్లీగ్రాముల దరిదాపు, బీ12 అయితే మైక్రోగ్రాముల్లోనే. ఇంత కొంచెం బరువుని ఏ ఆహారం మీదైనా చల్లొచ్చు, గుణం మారదు. రక్తహీనత ఉన్న పిల్లలకి ఐరన్ కలిపిన ఆహారం నిజంగా పనికొస్తుంది, దాన్ని తీసిపారెయ్యను. కానీ ముడి ధాన్యం పైపొరలోని ఫైటేట్, కోకోలోని వగరు పదార్థాలు, పాలల్లోని కాల్షియం ఈ మూడూ ఐరన్‌ని పేగులు పీల్చుకోకుండా అడ్డుపడతాయి, ఆ గిన్నెలో ఉన్నవి సరిగ్గా ఆ మూడే. పెట్టె మీద రాసిన మిల్లీగ్రాములన్నీ ఒంటికి పట్టవు.

ముడి ధాన్యం ఎంత నిజమో తెలుసుకోడానికి ఫైబర్ వరస ఉంటే చూడండి. గోధుమ, జొన్న, రాగి ముడి పిండిలో ఫైబర్ సుమారు పదో వంతు, మన ఊహా పెట్టెలో ముడి ధాన్యం 48 కాబట్టి ధాన్యం నుంచి 5 గ్రాముల దాకా రావాలి. ముందు హోల్ గ్రెయిన్ అని ఉండి, వెనక ఫైబర్ 2 గ్రాములే ఉంటే ముడి ధాన్యం పేరుకే ఉన్నట్టు. అయితే 5 ఉన్నా సరే, పిండి సన్నగా ఆడి, ఎక్స్‌ట్రూడర్లో ఉడికి ఉబ్బింది కాబట్టి అందులో స్టార్చ్ అన్నంలో నమిలి తినే ముడి గింజలా నెమ్మదిగా అరగదు.

అక్కతో నేనన్నది ఇది. పిల్లాడు ఆ పెట్టెకి అలవాటు పడిపోయాడు, ఒక్కసారిగా మానిపిస్తే గొడవ చేస్తాడు, అందుకని 15 గ్రాములు అది వేసి, మిగతా గిన్నె ఉత్త అటుకులతోనో మరమరాలతోనో నింపు, పాలల్లో మళ్ళీ పంచదార వెయ్యకు. తీపి 18 గ్రాముల నుంచి నాలుగున్నరకి పడిపోతుంది, పైపూత కరిగి పాలు కాస్త చాకొలెట్ రంగు వస్తాయి కాబట్టి వాడికి తినడానికి బాగానే ఉంటుంది. ఇడ్లీయో పెసరట్టో తినే రోజున ఆ గిన్నె అసలు అక్కర్లేదు.