అపోహలు – వాస్తవాలు: డబుల్ బ్లైండ్ సమీక్షకు వ్యాసం పంపేటప్పుడు సొంత సైటేషన్లను కొట్టివేయాలా?

డబుల్ బ్లైండ్ సమీక్షలో రచయిత ఎవరో సమీక్షకుడికీ, సమీక్షకుడు ఎవరో రచయితకూ తెలియకూడదు. ఒక పరిశోధన పత్రిక సంపాదక విభాగంలో, వ్యాసాలు సమీక్షకులకు వెళ్లకముందు వాటిలో రచయిత ఆనవాళ్లు ఉన్నాయేమో చూసే పని నాది. ఆనవాళ్లు మిగిలిపోయినందుకు వెనక్కి పంపే వ్యాసాలు కొన్నే. ఆనవాళ్లను తీసివేయబోయి వ్యాసాన్నే పాడుచేసుకున్నవి అంతకంటే ఎక్కువ కనిపిస్తాయి.

అపోహ: మన పాత వ్యాసాల ప్రస్తావనలన్నీ తొలగించాలి, లేదా వాటి స్థానంలో ‘రచయిత, 2021’ అని రాయాలి.

వాస్తవం: పత్రిక తన మార్గదర్శకాల్లో స్పష్టంగా అలా కోరితే తప్ప, ఇది చేయకూడదు. సీనియర్లు చెప్పారన్న ఒక్క కారణంతో ఈ పద్ధతి ఒకరి నుంచి ఒకరికి పాకుతోంది. మార్గదర్శకాలను తెరిచి చూసేవారు తక్కువ.

కిందటి సంవత్సరం ఒక పరిశోధక విద్యార్థిని పంపిన వ్యాసంలో తొమ్మిది చోట్ల ఇలా ‘రచయిత’ అని ఉంది. ఆధార గ్రంథాల సూచిక అక్షరక్రమంలో ఉండటం వల్ల, ఆ తొమ్మిది ఖాళీలూ ఎం అక్షరంతో మొదలయ్యే పేరుకూ ఆర్‌తో మొదలయ్యే పేరుకూ నడుమ వరుసగా కనిపించాయి. ఆ అంశంపై వరుసగా రాస్తూ, ఇంటిపేరు ఆ అక్షరాల మధ్య వచ్చేవారు ఎవరో ఊహించడం ఆ రంగంలోని సమీక్షకుడికి కష్టం కాదు. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ఆమె నమూనా సేకరణ పద్ధతి మొత్తం 2021 నాటి తన వ్యాసంపైనే ఆధారపడింది. దాని పేరు లేనందువల్ల ఆ పద్ధతి సరైనదో కాదో, ఇప్పటి పనిలో కొత్తదనం ఎంతో తేల్చడానికి సమీక్షకుడికి దారి లేకుండా పోయింది.

ఆమె వాక్యం ఇది: ‘మేము ఇంతకుముందు ప్రతిపాదించిన పద్ధతినే (రచయిత, 2021) ఇక్కడా అనుసరించాము.’ దాన్ని ‘ఫలానావారు (2021) ప్రతిపాదించిన పద్ధతిని ఈ అధ్యయనం అనుసరిస్తుంది’ అని మార్చి, ఫలానావారు అన్నచోట అసలు పేరే ఉంచి, సూచికలో పూర్తి వివరాలు ఇవ్వమన్నాను. ‘నా పనినే పరాయివారి పనిలా రాయడం అబద్ధం కాదా అండీ?’ అని ఆమె ఎంతో భయంగా అడిగింది. కాదు. రచయితల పేర్లు విడిగా పంపే శీర్షిక పుటలో ఉంటాయి, సంపాదకులకు తెలుస్తాయి. ప్రథమ పురుషలో రాయడం ఈ సమీక్షలో అందరూ అంగీకరించిన రీతి. ఆ తొమ్మిదింటిలో వాదనకు నిజంగా అవసరమైనవి నాలుగే అని ఆమే తేల్చుకుంది. మిగిలిన ఐదూ తీసేశాక ఒకే పేరు గుంపుగా కనబడటం కూడా తగ్గింది. ఇంకా అచ్చుకాని సొంత వ్యాసం మాత్రం వేరు: దాన్ని పేరు లేకుండా అనుబంధంగా జతచేయవచ్చా అని సంపాదకులను అడగాలి.

కృతజ్ఞతల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆ భాగాన్నీ నిధుల గ్రాంటు సంఖ్యనూ శీర్షిక పుటకు తరలించి, ఆమోదం వచ్చాక తిరిగి చేర్చాలి. నైతిక సమితి అనుమతి ఉందన్న మాట వ్యాసంలో ఉండాలి. సమితి పేరూ అనుమతి సంఖ్యా అప్పటికి వద్దు.

అపోహ: పీడీఎఫ్‌గా మారిస్తే ఫైలులోని వివరాలన్నీ పోతాయి.

వాస్తవం: వర్డ్ ఫైలులోని రచయిత పేరు చాలాసార్లు పీడీఎఫ్‌లోకి అలాగే వస్తుంది. కొత్త ఫైలు తెరిచి అందులోకి పాఠాన్ని అతికించినా, వర్డ్‌లో నమోదైన వాడుకరి పేరు దానికీ అంటుకుంటుంది. ముందుగా ఒక నకలు తీసుకుని, అందులో ట్రాక్ చేసిన మార్పులన్నీ ఆమోదించి, వ్యాఖ్యలు తొలగించి, ఆ తరువాత File > Info > Check for Issues > Inspect Document దగ్గర వ్యక్తిగత సమాచారాన్ని తీసివేయాలి. తీసినది మళ్లీ రాకపోవచ్చు కాబట్టి ఇది నకలులోనే చేయాలి. పీడీఎఫ్ తయారయ్యాక టెర్మినల్‌లో ఇలా చూడవచ్చు:

```
pdfinfo vyasam.pdf
```

Author వరుసలో పేరు కనిపిస్తే, వర్డ్ ఫైలును శుభ్రం చేసి పీడీఎఫ్‌ను మళ్లీ తయారుచేయడమే మేలు. కొందరు `exiftool`తో చెరిపి నిశ్చింతగా ఉంటారు. పీడీఎఫ్‌లో ఆ చెరిపివేత పాత వివరాలను నిజంగా తీసివేయదు, వాటిని తిరిగి రప్పించవచ్చు. దాని తరువాత `qpdf --linearize` ద్వారా ఫైలును కొత్తగా రాయిస్తేనే అవి పోతాయి.

చివరగా, ఫైలు పేరులో మీ పేరు లేదని చూసుకుని, పీడీఎఫ్‌లో మీ ఇంటిపేరునూ సంస్థ పేరునూ వెతకండి. బొమ్మల్లోని అక్షరాలు వెతుకులాటకు దొరకకపోవచ్చు, వాటిని కంటితోనే చూడాలి. ఇంటిపేరు దొరికిన ప్రతిచోటా అది ప్రథమ పురుషలో రాసిన సైటేషన్ గానీ సూచికలోని వరుస గానీ అయితే, ఆ ఫైలు పంపవచ్చు.