జనవరి నుంచి పదకొండు వేలు: ఒక వాట్సాప్ జవాబు వెనక కథ

మా పిన్ని కొడుకు భీమవరంలో ఒక పోర్షన్‌లో అద్దెకుంటున్నాడు. మొన్న డిసెంబరు 23 రాత్రి మా చుట్టాల గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు. ఇంటి ఓనరు రిటైరైన మాస్టారు. ఆయన పంపిన మెసేజ్ ఇది: ‘బాబూ, ఇంటి పన్ను పెరిగింది, మోటారు రిపేరుకు కూడా బాగా అయ్యింది. జనవరి నుంచి అద్దె 11,000 చేశాం. వీలు కాకపోతే చెప్పు, అడిగేవాళ్లు ఉన్నారు.’ వాడు ఇప్పుడు కట్టేది 8,500. ఒక్కసారిగా 2,500 పెంపు.

గ్రూపులో సగం మంది కోర్టుకు వెళ్లమన్నారు, సగం మంది ఇల్లు మారమన్నారు. వాడు మాత్రం రాత్రంతా ఆలోచించి పొద్దున్నే ఈ జవాబు పంపాడు:

‘నమస్కారం మాస్టారూ. ఖర్చులు పెరిగాయన్నది నిజమే, కాదనను. మన అగ్రిమెంటు ఏప్రిల్ 30 దాకా ఉంది, అందులో అద్దె 8,500 అని రాసుకున్నాం. అందుకని ఏప్రిల్ దాకా ఎప్పటిలాగే 5వ తేదీ లోపు 8,500 పంపిస్తాను. మే నుంచి, కాగితంలో ఉన్నట్టే పది శాతం పెంచి 9,350కి కొత్తది రాసుకుందాం. అంతకు మించి నావల్ల కాదండి. సంక్రాంతికి వచ్చి కలుస్తాను.’

మర్యాద ఎక్కడా తగ్గలేదు, వాడు పట్టు కూడా వదల్లేదు. ఇందులో ఒక్క చట్టం పేరైనా లేకపోవడం వాడి తెలివి. ఎందుకంటే అద్దె ఇంత దాటకూడదని ఓనరు చేయి పట్టుకునే చట్టం ఈ రోజు వాడి పక్కన లేదు. ఒకప్పుడు ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టణాల్లో ఇళ్లు దొరక్క అద్దెలు ఎగబాకితే, మద్రాసు ప్రభుత్వం వాటికి కళ్లెం వేసింది. అప్పటికి గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవే. యుద్ధం ముగిశాక అదే కట్టడి 1946లో, తర్వాత 1949లో చట్టంగా మారింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో రాష్ట్రమంతటికీ కలిపి అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. అద్దెకున్నవాళ్లు రెంట్ కంట్రోలర్ అనే అధికారి దగ్గరికి వెళ్లి న్యాయమైన అద్దె ఎంతో తేల్చమని అడిగే వీలుండేది. చట్టంలో చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి చూపితే తప్ప ఖాళీ చేయించడం కుదిరేది కాదు. అయితే ఇది మున్సిపాలిటీల వరకే. చుట్టుపక్కల ఊళ్లలో అప్పుడూ నోటిమాటే నడిచింది.

ఆ చట్టంలో మొదటినుంచీ ఒక సందు ఉంది. 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్లకు అది వర్తించదన్నారు. కొత్త ఇళ్లు కట్టేవాళ్లు వెనకాడకూడదని ఆ వెసులుబాటు. పాతికేళ్లు గడిచినా ఆ తేదీ కదలకపోవడంతో 1983లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ డిసెంబరులోనే ప్రభుత్వం ఇంకో మినహాయింపు తెచ్చింది: కట్టి పదేళ్లు దాటని ఇళ్లకు, నెలకు వెయ్యి దాటిన అద్దెలకు చట్టం వర్తించదని. 2005లో ఆ వెయ్యిని కార్పొరేషన్లలో 3,500కు, మిగతా పట్టణాల్లో 2,000కు పెంచారు. భీమవరం లాంటి చోట రెండు వేలకు ఇప్పుడేం దొరుకుతుంది? చట్టాన్ని ఎవరూ తీసేయకముందే అద్దెలే దాన్ని దాటిపోయాయి. 2017లో శాసనసభ దాని స్థానంలో కొత్త అద్దె చట్టం చేసింది. దాని దారి వేరు: ఇద్దరూ కాగితం మీద రాసుకున్నదే అద్దె.

అందుకే మావాడి జవాబంతా ఆ కాగితం చుట్టూ తిరిగింది. అది పదకొండు నెలల కాగితం. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలని ఆస్తి బదిలీ చట్టం, రిజిస్ట్రేషన్ చట్టం బ్రిటిషు రోజుల నుంచీ చెబుతున్నాయి. ఆ ఖర్చు, ఆఫీసు చుట్టూ తిరుగుడు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి రాసుకోవడం అలవాటైంది. (మన డెల్టాలో కౌలు రైతులకూ ఈ పదకొండు అంకె కొత్త కాదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం కూడా పదకొండు నెలలకే.) రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి పుట్టిన ఆ గడువే ఇప్పుడు అద్దె పెంచే పంచాంగం అయింది. అది ముగిసినప్పుడే పెంపు మాట. మధ్యలో పెంచాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి.

మాస్టారి వాదన పూర్తిగా తప్పని నేననను. 2021 ఏప్రిల్ నుంచి మున్సిపాలిటీల్లో ఇంటి పన్ను అద్దె విలువను బట్టి కాక ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్నారు. ఆ పోర్షన్ వాటాకు ఏడాదికి 4,000 పన్ను పడుతుందనుకుందాం. 15 శాతమంటే 600, నెలకు యాభై రూపాయలు. 2,500కూ యాభైకీ చాలా దూరం. అసలు కారణం మెసేజ్ చివర్లో ఉంది: అడిగేవాళ్లు ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న భీమవరం జిల్లా కేంద్రమైంది. ఆఫీసులొచ్చాయి, వాటి వెనక ఇళ్లు వెతుక్కునే ఉద్యోగులూ వచ్చారు. ఈ లెక్క మావాడికి తెలుసు, కానీ జవాబులో వేయలేదు. వేసి ఉంటే మాస్టారు అబద్ధమాడారని ముఖాన చెప్పినట్టే.

జవాబులో నాకు అన్నిటికంటే నచ్చింది ‘5వ తేదీ లోపు 8,500’. గొడవ మొదలవగానే చాలామంది అద్దె ఆపేస్తారు. పాత చట్టంలోనైనా ఇల్లు ఖాళీ చేయించడానికి ఓనరుకు సులువైన కారణం అద్దె బాకీయే. ఓనరు తీసుకోనంటే మనియార్డరు చేయాలని, అదీ తిరిగొస్తే కంట్రోలర్ దగ్గర జమ చేయాలని ఆ చట్టంలోనే రాశారు. ఇప్పుడు ఫోన్‌పే రికార్డుంది, కానీ రూలు అదే: రాసుకున్నంతా, రాసుకున్న తేదీకి.

రెండో పొరపాటు మొహమాటానికి తొమ్మిది వేలు పంపడం. ఒక్కసారి పంపితే పెంపుకు ఒప్పుకున్నాడని అవతలివాళ్లు చూపించడానికి అదే చాలు. ‘సరే మాస్టారూ, చూద్దాం’ అని రాయడమూ అంతే.

అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయి, కొత్తది రాసుకోకుండా ఉంటున్నవాళ్లు మాత్రం ఈ జవాబును కాపీ కొట్టకండి. వాళ్లది నెలవారీ అద్దె. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసుతో దాన్ని ముగించొచ్చు. నోటీసు ఇచ్చినంత మాత్రాన తాళం మార్చేయడానికి, సామాను బయట పెట్టడానికి ఓనరుకు వీల్లేదు, ఆ పని చట్టప్రకారమే జరగాలి. కానీ ‘ఏప్రిల్ దాకా’ అనే మాట వాళ్ల దగ్గర లేదు. వాళ్లు అడగగలిగింది రెండు నెలల టైము, కొత్త అంకె మీద బేరం.

మావాడి మెసేజ్‌కు నీలం టిక్కులు పొద్దున్నే పడ్డాయి. జవాబు సాయంత్రం వచ్చింది: ‘సరే. పండక్కి రా, మాట్లాడుకుందాం. ఆ అగ్రిమెంటు జిరాక్స్ ఒకటి తీసుకురా, నాది కనబడట్లేదు.’